కిట్టులో ఒక్క గీతే వచ్చింది, మలేరియా లేనట్టేనా?

తుని_వెంకట్: మా తమ్ముడు పాడేరు వైపు రోడ్డు సర్వే పనికి వెళ్లి వచ్చాడు. నిన్నటి నుంచి చలి, జ్వరం. కిట్టు నెగటివ్, స్లైడు నెగటివ్. రేపు మళ్లీ రక్తం ఇమ్మన్నారు డాక్టరు. ఇదంతా ల్యాబుల వ్యాపారం అంటున్నారు నాన్నగారు. మళ్లీ చేయించాలా, అక్కర్లేదా?

గోదావరి_శర్మ: అక్కర్లేదు. స్లైడు ఒక్కటే అయితే నేనూ అనుమానించేవాణ్ణి, అది చూసేవాడి ఓపికను బట్టి ఉంటుంది. ఫాల్సిపరం క్రిమి ముదిరాక లోపలి సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుపోతుంది, వేలి చివర తీసిన రక్తంలో దొరకదు. కానీ అది విడిచే ప్రొటీను ఒళ్లంతా తిరుగుతుంది. కిట్టు పట్టేది దాన్నే. ఎక్కడ దాక్కున్నా కిట్టుకు చిక్కుతుంది. అది కూడా లేదన్నాక ఇంకెందుకు?

రమ్య_పి: డెంగీ చూపించారా?

పాత_మైక్రోస్కోపు: శర్మగారు దాక్కోవడం గురించి చెప్పింది నిజం. స్లైడులో ఏమీ లేకపోయినా కిట్టులో గీత వచ్చిన రోగులను ఉద్యోగంలో ఉండగా చాలామందిని చూశాను. అయితే ఆ ప్రొటీను పోగవాలంటే ముందు తగినన్ని క్రిములు ఉండాలి. ఒక మైక్రోలీటరు రక్తంలో 100 నుంచి 200 ఉంటే కిట్టును నమ్మవచ్చు, అంతకన్నా తక్కువైతే గీత రావచ్చు, రాకపోవచ్చు. చేయి తిరిగినవాడు థిక్ స్మియర్‌లో, అంటే స్లైడు మీద మందంగా పూసిన రక్తపు చుక్కలో, 50 కన్నా తక్కువ ఉన్నా పట్టుకుంటాడు. స్లైడ్ల గుట్ట ముందు పెట్టుకుని పరుగులు పెట్టేవాడు 500 ఉన్నా వదిలేస్తాడు.

దోమ కుట్టాక వారం, అంతకన్నా ఎక్కువే, క్రిమి కాలేయంలో ఉంటుంది. రక్తంలోకి దిగాక రెండు రోజులకొకసారి కణాలను పగలగొట్టుకుని పెరుగుతుంది. ఇంతకు ముందు మలేరియా రానివాళ్లకు కాస్త సంఖ్య ఉన్నా జ్వరం కాస్తుంది. అంటే రోగి చలికి వణుకుతున్న రోజునే పరీక్షకు అందనంత తక్కువ ఉండవచ్చు. అందుకే 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు చూస్తారు.

వెంకట్ గారూ, రక్తం ఇవ్వకముందు అబ్బాయి ఏమైనా మాత్రలు వేసుకున్నాడా?

తుని_వెంకట్: ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చారండి. స్ట్రిప్పు మీద డాక్సీసైక్లిన్ అని ఉంది.

పాత_మైక్రోస్కోపు: ఆ సంగతి డాక్టరుకు చెప్పారా? డాక్సీ మలేరియాను ఒక్కటే నయం చేయలేదు కానీ నెమ్మదిగా అణచిపెడుతుంది. క్రిములు తగ్గుతాయి, స్లైడు ఖాళీగా కనిపిస్తుంది. రేపు తప్పకుండా ఇవ్వండి. ఈలోగా మత్తుగా పడి ఉన్నా, మాట తడబడినా, మూత్రం నల్లగా వచ్చినా రేపటిదాకా ఆగవద్దు.

సుగుణ_కె: వెంకట్ గారి నాన్నగారు అన్నదే నిజం. మా వారికి మలేరియా వచ్చింది, మందులన్నీ వాడాం, తగ్గింది. కొన్ని వారాల తర్వాత జలుబుతో జ్వరం వస్తే ఒక ప్రైవేటు ల్యాబులో కిట్టు పెట్టి మళ్లీ మలేరియా అన్నారు. మళ్లీ మందులు. తర్వాత మళ్లీ పరీక్ష, మళ్లీ పాజిటివ్! డబ్బు గుంజడం కాకపోతే ఏమిటి?

పాత_మైక్రోస్కోపు: అమ్మా, ఇక్కడ అడిగింది నెగటివ్ గురించి. మీరు చెబుతున్నది దానికి తిరగేసిన సమస్య. క్రిమి చచ్చినా ఆ ప్రొటీను వారాల తరబడి రక్తంలో మిగిలి ఉంటుంది. అప్పుడు కిట్టు కాదు, స్లైడు చూడాలి. వాళ్లు స్లైడు తీయలేదా?

సుగుణ_కె: తీయలేదు. అదే నేనూ అంటున్నది, మోసం చేశారని.

గోదావరి_శర్మ: చచ్చిన క్రిమిని కూడా చూపించే కిట్టు బతికున్నదాన్ని వదిలేస్తుందా? మీ మాటలతోనే నా వాదన గెలిచింది.

పాత_మైక్రోస్కోపు: గెలవలేదు. చచ్చినవి ఒకప్పుడు వేలల్లో ఉండేవి కాబట్టి ఆనవాలు మిగిలింది. వెంకట్ గారి తమ్ముడికి ఇంకా ఆ సంఖ్యే రాలేదు. పైగా మలేరియాలోనే మరో రకం క్రిమి వైవాక్స్‌కు మీరు చెప్పే ప్రొటీనే లేదు, దానికి కిట్టులో వేరే గీత, అది ఇంకా మందకొడి. ఫాల్సిపరంలోనూ ఆ ప్రొటీను జన్యువును పోగొట్టుకున్న రకాలు ముందు పెరూలో, తర్వాత ఎరిత్రియాలో బయటపడ్డాయి. వాటితో ఒళ్లు నిండిపోయినా ఆ గీత రాకపోవచ్చు. కిట్లను ఎండలో నిలిపిన జీపులో వదిలేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

గోదావరి_శర్మ: పెరూ ఎక్కడ, పాడేరు ఎక్కడ.

తుని_వెంకట్: ఇప్పుడే రిపోర్టు వచ్చింది. స్లైడులో పీఎఫ్, అంటే ఫాల్సిపరం, రింగులు ఉన్నాయట. కిట్టులో ఈసారి గీత పల్చగా కనిపించింది. కౌంటు 960 అని రాశారు, పక్కన 24/200 అని ఉంది. ఏసీటీ మందు మొదలుపెట్టారు.

గోదావరి_శర్మ: 960 అంటే ఏముంది, స్వల్పమే. లక్షల్లో ఉంటే భయపడాలి.

పాత_మైక్రోస్కోపు: 200 తెల్ల రక్తకణాలు లెక్కించేలోగా 24 క్రిములు కనిపించాయన్నమాట. మైక్రోలీటరుకు 8,000 తెల్లకణాలు ఉంటాయని అనుకుని గుణిస్తే 960 వస్తుంది. ఆ 8,000 లెక్క కోసం పెట్టుకున్నది, రోగిని అడిగి రాసింది కాదు. మలేరియాలో తెల్లకణాలు తగ్గడం మామూలే. ఈ అబ్బాయికి 4,000 ఉంటే కౌంటు 480. సీబీసీ ఉంటే దానితో మళ్లీ లెక్కేయమనండి.

ఎర్రకణాల్లో శాతంగా చూస్తే 960 అంటే 0.02 మాత్రమే, ఒక శాతం కావాలంటే 50,000 కావాలి. అయినా ఫాల్సిపరంలో ఆ అంకె చూసి స్వల్పం అనకూడదు. గోడలకు అతుక్కున్నవి ఈ 24లో లేవు. ఆ దాక్కోవడం గురించి ఈ చర్చలో మొదట చెప్పింది మీరే శర్మగారూ, ఇప్పుడు ఎక్కడికి పోయింది?

గోదావరి_శర్మ: మర్యాదగా మాట్లాడండి. మీ ఉద్యోగానుభవం ముందు మేమంతా చదువు రానివాళ్లమా?

మన్యం_మాస్టారు: మీ ఇద్దరి గొడవ తునిలో కూర్చున్నవాళ్లకు సరిపోతుంది. మా బడి ఉన్న ఊరి నుంచి పీహెచ్‌సీకి కొండ దిగి నడవాలి. జ్వరంతో దిగినవాడికి నెగటివ్ అని చెప్పి, పారాసెటమాల్ ఇచ్చి, రేపు రా అంటే వస్తాడా? రెండో పరీక్ష అనేది మాకు పుస్తకంలో మాట. పూర్వం జ్వరం అనగానే క్లోరోక్విన్ మింగించేవారు, అదే నయం.

పాత_మైక్రోస్కోపు: నయం కాదు మాస్టారూ. అలా మింగించిన కాలంలోనే ఫాల్సిపరం క్లోరోక్విన్‌కు లొంగడం మానేసింది. ఇప్పుడు పీఎఫ్‌కు ఒక మందు, వైవాక్స్‌కు క్లోరోక్విన్, దాని మీద 14 రోజుల ప్రైమాక్విన్. ఏదో తెలియకుండా దేన్ని మింగిస్తారు? మలేరియా కాని జ్వరానికి మలేరియా మందిచ్చి, అసలు జబ్బును వదిలేస్తే?

మన్యం_మాస్టారు: నెగటివ్ అని ఇంటికి పంపిన పిల్లను రెండు రాత్రుల తర్వాత ఫిట్స్‌తో డోలీలో మోశాం. ఏ మందు అని నన్ను అడగకండి. ఆ మధ్య రెండు రాత్రుల బాధ్యత ఎవరిదో చెప్పండి.

పాత_మైక్రోస్కోపు: ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది. మర్నాడు ఆమె ఇంటికి వెళ్లి మళ్లీ పెట్టాలి, రోగి దిగి రావడం కాదు. ఆ పేరు నెగటివ్ జాబితాలోకి వెళ్లి మరుగున పడకూడదు.

మన్యం_మాస్టారు: కిట్లు అయిపోయిన వారాల్లో?

సుగుణ_కె: చూశారా, మళ్లీ మళ్లీ పరీక్షలే అంటారు.

తుని_వెంకట్: జ్వరం తగ్గుతోంది. మూడో రోజు మళ్లీ రమ్మన్నారు. అప్పుడు కిట్టు పెట్టించనా, స్లైడా?

పాత_మైక్రోస్కోపు: స్లైడు. పక్కన కౌంటు కూడా రాయించండి, 960తో పోల్చడానికి.

గోదావరి_శర్మ: కిట్టు ఎందుకు వద్దట?

రమ్య_పి: శర్మగారూ, సుగుణ గారి భర్త సంగతి మళ్లీ చదవండి.