అమ్మోనియా K: నాకు 1.013, కీలో 5.8×10⁵... 700 K సంగతేంటి?

సెకండియర్_కష్టాలు
N₂ + 3H₂ ⇌ 2NH₃ కి 298 K దగ్గర ΔG° = −32.9 kJ అని ఇచ్చారు. ΔG° = −RT ln K లో పెడితే నాకు K 1.013 వస్తోంది, కీలో 5.8×10⁵ ఉంది. రెండో బిట్‌లో 700 K దగ్గర K అడిగారు, ΔG° మాత్రం మళ్లీ ఇవ్వలేదు. ΔH° −92.2 kJ, ΔS° −198.7 J/K అని ఉన్నాయి, అవి ఎందుకో తెలీట్లేదు. ఎల్లుండే టెస్ట్, టెన్షన్‌గా ఉంది.

గోదావరి_కుర్రాడు
ΔG° కిలోజౌల్స్‌లో ఉంచేసి R మాత్రం 8.314 వేశావు తమ్ముడూ. 32900ని 8.314 × 298తో భాగించు, 13.3 వస్తుంది, అదే ln K. K ఇలా 1ని అంటుకుని వస్తే ముందు యూనిట్లే అనుమానించాలి. రెండో బిట్ ఏముంది, T దగ్గర 700 వెయ్యి. ln K 5.65, K 285. అయిపోయింది.

కెమిస్ట్రీ_మాస్టారు
ఇంత లెక్క ఎందుకు నాయనా. 298 దగ్గర 2.303RT అంటే 5.7 kJ. 32.9ని 5.7తో భాగిస్తే 5.77, అంటే K 10⁵కి, 10⁶కి మధ్య. నా పిల్లలు కాలిక్యులేటర్ ముట్టుకోకుండా ఆప్షన్ పెట్టేస్తారు, ఏళ్ల తరబడి చూస్తున్నా.

అమ్మ_ఆఫ్_టూ
మాస్టారూ, మా వాడికి ఇదే లెక్కలో K 760 వచ్చింది, సున్నా వేశారు. టేబుల్లో అమ్మోనియాకి −16.45 అనే ఉందండీ, నేనే చూశాను. పిల్లాడిది తప్పెలా అవుతుంది?

కెమిస్ట్రీ_మాస్టారు
టేబుల్ ఇచ్చేది ఒక మోల్‌కమ్మా. సమీకరణంలో 2NH₃ ఉంది కాబట్టి రెట్టింపు చెయ్యాలి. చెయ్యలేదు, సున్నా న్యాయమే.

ప్లాంట్_నైట్‌షిఫ్ట్
సున్నా అన్యాయం. ½N₂ + 3/2H₂ ⇌ NH₃ అని రాసి ఉంటే 760 కరెక్టే, దాన్ని వర్గం చేస్తే 5.8×10⁵ వస్తుంది. సమీకరణం రాయకుండా K అంకె చెప్పడమే అసలు తప్పు, అది పేపర్ సెట్ చేసినవాళ్లూ చేస్తారు.

కెమిస్ట్రీ_మాస్టారు
ప్రశ్నలో సమీకరణం ఇచ్చాక సొంతంగా సగం చేసుకునే హక్కు ఎవరిచ్చారండీ? ఇలా వెనకేసుకొస్తేనే పిల్లలు పాడయ్యేది.

అమ్మ_ఆఫ్_టూ
పాడయ్యేది పిల్లలా, ఒక్క మార్కు కూడా ఇవ్వని వాల్యుయేషనా?

ప్లాంట్_నైట్‌షిఫ్ట్
ఆ గొడవ ఉంచండి, పైన 285ని ఎవరూ పట్టించుకోలేదు. 298 నాటి ΔG°ని 700కి ఎలా మోసుకుపోతారు? T తో పాటు ΔG° కూడా మారుతుంది. ΔH°, ΔS° ఇచ్చింది అందుకే. −92.2 + 700 × 0.1987 = +46.9 kJ. ఇప్పుడు ln K = −46900/5820 = −8.06, K సుమారు 3×10⁻⁴. 285కీ దీనికీ దాదాపు పది లక్షల రెట్లు తేడా. వేడి వదిలే చర్య కదా, వేడెక్కేకొద్దీ K పడిపోవాలి. 285 కూడా 5.8×10⁵ కన్నా తక్కువే కదా అని సరిపెట్టుకోకండి, ఆ పద్ధతిలో ఎంత వేడి చేసినా K 1 కిందికి దిగనే దిగదు.

గోదావరి_కుర్రాడు
ΔG° ప్లస్ అయితే చర్యే జరగదు కదా, మరి మీ ప్లాంట్ ఎలా నడుస్తోంది సారూ? ఆ వేడిలోనే కదా నడిపేది?

ప్లాంట్_నైట్‌షిఫ్ట్
ΔG° అంటే అన్ని వాయువులూ 1 బార్ దగ్గర ఉన్నప్పటి మాట. లోపల అలా ఉండదు. నైట్రోజన్ 50, హైడ్రోజన్ 150, అమ్మోనియా 10 బార్ అనుకో. 10²ని 50 × 150³తో భాగిస్తే Q సుమారు 6×10⁻⁷, K కన్నా చాలా తక్కువ. అందుకే ముందుకే వెళ్తుంది. ప్రెషర్ పెంచితే K మారదు, Q మారుతుంది. అంత ప్రెషర్‌లో వాయువులు ఐడియల్‌గా ఉండవు, అది వేరే తలనొప్పి.

గోదావరి_కుర్రాడు
పరీక్షలో ఇదంతా అడగరు. మాకు T మార్చమనే చెప్పారు.

థర్మో_పిచ్చి
3×10⁻⁴ కూడా పూర్తి నిజం కాదు. 700 K దగ్గర టేబుల్ విలువ సుమారు 9×10⁻⁵. ΔH°, ΔS° 298 నుంచి 700 దాకా మారవనుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. 700 దగ్గర ΔH° −105 kJ చుట్టుపక్కల ఉంటుంది. ఘాతంలో కూర్చుంటుంది కాబట్టి కొన్ని kJ తేడాకే K మూడు రెట్లు తప్పుతుంది.

సెకండియర్_కష్టాలు
మరి కీలో 3.2×10⁻⁴ ఉంది, అదే రాయనా?

ప్లాంట్_నైట్‌షిఫ్ట్
ΔH°, ΔS° రెండే ఇచ్చారంటే అదే రాయి. "మారవని అనుకుంటే" అని ఒక్క ముక్క జత చెయ్యి.

అమ్మ_ఆఫ్_టూ
రీవాల్యుయేషన్‌కి ఫీజు ఎంతో ఎవరికైనా తెలుసా?