సీసం ముక్క ఒక్కటీ తీస్తే చాలా, జీఐ లైను కూడా మార్చాలా?

పెంకుటిల్లు (పాలకొల్లు)

మా పెంకుటిల్లు మామగారి నాన్నగారు కట్టించినది. గేటు దగ్గర తవ్విస్తే మునిసిపల్ మెయిన్ నుంచి మా వాల్వు వరకు మూరెడున్నర మెత్తటి పైపు బయటపడింది. అక్కడి నుంచి వంటగది దాకా జీఐ, అంటే జింకుపూత ఇనుప పైపు, గీజరుకి రాగి. అమ్మాయి పురిటికి వస్తోంది, రెండేళ్ళ మనవడూ వస్తాడు. పొద్దున్నే వంటగది కుళాయిలో మొదటి లీటరు పట్టి ల్యాబ్‌కి ఇస్తే సీసం 0.006 వచ్చింది, పరిమితి 0.01 కాబట్టి ఫరవాలేదన్నారు. ఆ ముక్కని వదిలేయవచ్చా? తీస్తే అదొక్కటీ చాలా, మొత్తం మార్చాలా?

పాత ఫిట్టర్

అమ్మా, ముందు అది సీసమేనని తేల్చుకోండి. మట్టి తుడిచి రూపాయి బిళ్ళ అంచుతో చిన్నగా గీయండి. సీసమైతే బిళ్ళతో గీసినా పైపు మీద గాటు పడుతుంది, గీత వెండిలా మెరుస్తుంది. అయస్కాంతం అంటుకోదు. రెంచితో తడితే చప్పుడు మొద్దుగా వస్తుంది. జీఐ అయితే అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది, తడితే మోగుతుంది, అతుకుల దగ్గర మరలు కనిపిస్తాయి. సీసం అతుకు దగ్గర మరలుండవు, ఉల్లిపాయలా ఉబ్బి ఉంటుంది. రాగి సంగతి తెలిసిందే, గీస్తే తోమిన చెంబు రంగు. పైన రంగు గాని తారు గాని పూసి ఉంటే గీకిన తర్వాతే నమ్మండి. గీకాక చేతులు కడుక్కోండి.

సీసమైతే తీసేయాల్సిందే. ఆ స్థానంలో సీపీవీసీ ప్లాస్టిక్ ముక్క వేస్తే ఒక పూట పని. జీఐ జోలికి వెళ్ళకండి. అది ఇనుము, అందులో సీసం ఎక్కడిది? మీవి సున్నం గోడలు. పాత లైను పీకితే గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది.

కొబ్బరాకు (అమలాపురం)

మాకూ ఇదే బాధండి. బోరు నీళ్ళు ఉప్పు. గీజరు కింద పలకల మీద నీలిపచ్చ మరకలు, రాగి పైపు అతుకుల దగ్గర చిలుము. జీఐకి, రాగికి కలిపిన చోట రెండేళ్ళకొకసారి కారేది. ఆర్‌ఓ పెట్టించాక తాగే నీళ్ళు బాగున్నాయి. మీరూ ఆర్‌ఓ పెట్టించుకుంటే ఉప్పు బాధ ఉండదు.

నీళ్ళ పరీక్ష (రిటైర్డ్ అనలిస్టు)

కొబ్బరాకు గారూ, వారి బాధ ఉప్పు కాదండి, సీసం. అయితే మీ అతుకు కారడానికి కారణం ఉంది. రాగి, జింకుపూత ఇనుము నేరుగా కలిస్తే ఇనుము తరిగిపోతుంది, నీళ్ళలో ఉప్పు ఉంటే ఇంకా తొందరగా. ఆ రెండింటి మధ్య ప్లాస్టిక్ ముక్క ఉండాలి.

పెంకుటిల్లు గారూ, మీ ల్యాబ్ లెక్క తప్పు కాదు, పట్టిన లీటరు తప్పు. అర అంగుళం జీఐ పైపులో మీటరుకి దాదాపు 200 మిల్లీలీటర్ల నీళ్ళు పడతాయి. వాల్వు నుంచి వంటగది కుళాయి దాకా ఎన్ని మీటర్లో టేపుతో కొలవండి. 12 మీటర్లు ఉందనుకుందాం. అప్పుడు కుళాయికీ సీసం ముక్కకీ మధ్య సుమారు రెండున్నర లీటర్లు ఉన్నాయి. రాత్రంతా సీసంలో నిలిచిన నీరు కుళాయి దాకా రావాలంటే ఆ రెండున్నర లీటర్లూ ముందు పోవాలి. అంటే అది మూడో లీటరులో వస్తుంది. మీరు పరీక్షించింది కుళాయి ఇత్తడినీ, దాని వెనక ఉన్న జీఐనీ.

కాబట్టి ఐదు లీటర్లు వరసగా, మధ్యలో కుళాయి కట్టకుండా, ఐదు సీసాల్లో పట్టండి. మనకి నీళ్ళు వేళకే వస్తాయి కనుక ఒక జాగ్రత్త. సాయంత్రం నీళ్ళు వస్తుండగానే కుళాయిలన్నీ బిగించేయండి. ఎక్కడా గాలి దూరకపోతే పైపులో నీరు అలాగే ఉంటుంది. పొద్దున్న నీళ్ళు వదిలాక తెరిస్తే ముందు బుస్సుమని గాలి వచ్చిందంటే ఆ నమూనా పనికిరాదు, ఇంకో రోజు పట్టండి. ల్యాబ్ వాళ్ళిచ్చిన సీసాలే వాడండి. కుళాయి మామూలుగా తిప్పినంతే తిప్పండి, వడకట్టకండి. తుప్పు నలుసులు వస్తే అవి కూడా సీసాలోకి వెళ్ళాలి.

ఫిట్టర్ గారు సీసం గుర్తుపట్టడం గురించి చెప్పింది అక్షరాలా సరి. జీఐలో సీసం ఉండదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. పాతకాలపు జింకుపూతలో కొంత సీసం కలిసే ఉండేది. అంతకన్నా పెద్ద సంగతి తుప్పు. సీసం ముక్క మీదుగా వచ్చిన నీరు ఇన్నేళ్ళుగా ఆ జీఐలోంచే పోతోంది. లోపల పేరుకున్న తుప్పు సీసాన్ని పట్టి ఉంచుకుంటుంది. ముక్క తీసేసినా, లైను కదిలినప్పుడల్లా, నీటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినప్పుడల్లా నలుసులతో పాటు కొంత వదులుతుంది.

పెంకుటిల్లు

రూపాయి బిళ్ళతో గీశాం, సీసమే. అయస్కాంతం జారిపోయింది. లైను కొలిస్తే 12 మీటర్లకి ఒక అడుగు తక్కువ. ఐదు సీసాల ఫలితం ఇవాళ వచ్చింది, లీటరుకు మిల్లీగ్రాముల్లో. మొదటిది 0.006, రెండోది 0.008, మూడోది 0.029, నాలుగోది 0.013, ఐదోది 0.005. చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మరిగించి తాగితే కుదురుతుందా?

నీళ్ళ పరీక్ష

మరిగిస్తే సీసం పోదమ్మా. నీరు ఆవిరైపోయే కొద్దీ మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. పటిక, గుడ్డ, యూవీ ఫిల్టరు, ఏవీ పనికిరావు. ఆర్‌ఓ బాగా తగ్గిస్తుంది, ఆ మాట వరకు కొబ్బరాకు గారి సలహా మీకూ పనికొస్తుంది. పని పూర్తయ్యేదాకా తాగడానికీ, వంటకీ, బాబు పాలల్లోకీ ఆర్‌ఓ నీళ్ళే వాడండి. గీజరు నీళ్ళు వంటకి అసలు వద్దు. వేడినీరు లోహాన్ని ఎక్కువ కరిగిస్తుంది, పాత రాగి పైపుల అతుకులకి వాడిన టంకంలోనూ సీసం ఉండేది. పొద్దున్న మొదటి బిందె నీళ్ళు అంట్లకీ, బట్టలకీ వాడి, తర్వాతి నీళ్ళు పట్టుకోండి.

మీ అంకెలు కథ అంతా చెబుతున్నాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హద్దు 0.01, దానికి మించి ఒప్పుకునే సడలింపు లేదు. మూడో లీటరు దానికి మూడింతలు దాదాపు. ఐదో లీటరు, అంటే మెయిన్ నుంచి అప్పుడే వచ్చిన నీరు, బాగానే ఉంది. దోషం ఊరి నీళ్ళది కాదు, మీ గేటు దగ్గర ముక్కది.

పాత ఫిట్టర్

మూడో లీటరు లెక్క నాకు కొత్త, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ అంకెలే నా మాటనీ నిలబెడుతున్నాయి. ఒకటీ రెండూ జీఐ నీళ్ళే కదండి, రెండూ హద్దు లోపలే. ముందు ముక్క తీద్దాం, మళ్ళీ పరీక్షిద్దాం. అప్పుడూ ఎక్కువ వస్తే జీఐ సంగతి చూద్దాం. ఇప్పుడే ఇల్లంతా తవ్వించడం దేనికి?

నీళ్ళ పరీక్ష

కదలని రోజు అంకెలండి అవి. మీరు రెంచి పెట్టి ఆ ముక్క విప్పిన రోజు జీఐ అంతా అదురుతుంది. అప్పుడు ఎంత సీసం రాలుతుందో ఈ కాగితం చెప్పదు. మామూలుగా అయితే మీ పద్ధతే నేనూ ఒప్పుకునేవాణ్ణి. ఇక్కడ కడుపుతో ఉన్న పిల్ల, పసివాడు వస్తున్నారు. వాళ్ళని ఇంట్లో పెట్టుకుని ప్రయోగం చేయకూడదు.

తవ్వమని కూడా అనడం లేదు. వాల్వు దగ్గర నుంచి వంటగదికి కొత్త సీపీవీసీ లైను గోడ బయట క్లాంపుల మీద వేయండి. గోడలో ఉన్న జీఐని రెండు చివరలా మూత బిగించి అక్కడే వదిలేయండి. గోడకి దెబ్బ తగలదు.

పాత ఫిట్టర్

అదైతే చేయవచ్చు. ఎండ తగిలే చోట సీపీవీసీ పెళుసుబారుతుంది, మీద నీళ్ళలో కలిపే రకం పెయింటు వేయాలి. అతుకుకి వాడే జిగురు ఆరడానికి డబ్బా మీద రాసిన టైము ఇచ్చి, ఆ తర్వాతే నీళ్ళు వదలాలి. వాల్వుకి అవతల ఉన్న ముక్క మాత్రం మనం ముట్టుకోకూడదు. అది మునిసిపాలిటీ ఫిట్టరు వచ్చి, మెయిన్ మీద మన కనెక్షన్ మొదలయ్యే ఫెర్రూల్‌ని కట్టేసి, తీయాలి. అర్జీ ఇప్పుడే పెట్టండి. ఎండాకాలం కాలవలు కట్టేశాక చెరువు నీళ్ళు పొదుపుగా వదులుతారు, అప్పుడు లైను కడగడానికి నీళ్ళు చాలవు.

కొబ్బరాకు

ఒక్కమాట. నాలుగేళ్ళ కిందట మేమూ జీఐ తీసి ప్లాస్టిక్ వేయించాం. వారానికి మా ఆవిడకి గీజరు దగ్గర షాక్ కొట్టింది. చూస్తే ఇంటి ఎర్తు వైరు పాత జీఐ పైపుకే చుట్టి ఉంది. పైపు పోయాక ఎర్తు లేదు. దేవుడి దయ, ప్రాణానికేం కాలేదు. మీటరు బోర్డు నుంచి వచ్చే ఎర్తు వైరు ఎక్కడికి పోయిందో చూడకుండా ఆ పైపు కోయించకండి.

నీళ్ళ పరీక్ష

ఇది నేను చెప్పాల్సింది, మరిచిపోయాను. కోసే ముందే ఎలక్ట్రీషియన్ చేత వేరే ఎర్తు గుంట వేయించి, వైరు అక్కడికి మార్పించండి.

సీసం ముక్క కోయడం గురించి కూడా. గ్రైండరు పెట్టవద్దు, మంట పెట్టి అతుకు కరిగించవద్దు. పొడి, పొగ రెండూ విషమే. చేత్తో తిప్పే కట్టరు చాలు, మెత్తటిది కదా. గ్లౌజులు వేసుకుని, కింద గోతాం పరిచి, రాలిన ముక్కలు అందులోనే మూటకట్టాలి. పిల్లలు ఆ రోజు ఇంట్లో ఉండకూడదు.

తర్వాత వంటగది కుళాయి మూతిలో జాలీ ఉంటే విప్పి, కుళాయి పూర్తిగా తెరిచి అరగంట వదలండి. జాలీ కడిగి బిగించండి. నెల తర్వాత మళ్ళీ ఐదు సీసాలు. అది సరిగ్గా వచ్చేదాకా ఆర్‌ఓ మానకండి.

పాత ఫిట్టర్

ఆ సీసం ముక్కని పనివాళ్ళకి ఇవ్వకండమ్మా. మన వైపు వలగుళ్ళు పోసుకోవడానికి అడిగి పట్టుకెళ్తారు, ఇంటి పొయ్యి మీద కరిగిస్తారు. పాత బ్యాటరీలు కొనే షాపులో ఇచ్చేయండి.

స్నానాలగది లైను మాత్రం నేనైతే మార్చను. ఒంటికి పోసుకునే నీళ్ళు అవి.

నీళ్ళ పరీక్ష

చర్మం గుండా సీసం పెద్దగా వెళ్ళదు, నిజమే. కానీ రెండేళ్ళ పిల్లాడు స్నానం చేస్తూ నీళ్ళు మింగుతాడు, పళ్ళు తోముతూ మింగుతాడు. నేనైతే అదీ మారుస్తాను.

పెంకుటిల్లు

మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. పది రోజుల్లో మనిషిని పంపుతామన్నారు. ఎర్తు వైరు వెతికితే మాదీ జీఐకే చుట్టి ఉంది, శనివారం ఎలక్ట్రీషియన్ వస్తాడు. వంటగది లైను కొత్తగా బయట నుంచే వేయిస్తున్నాం. స్నానాలగది దగ్గర మా వారు ఫిట్టర్ గారి పక్షం, నేను ఇంకా ఏమీ తేల్చుకోలేదు. అప్పటిదాకా బాబుకి పళ్ళు తోమడానికి చెంబుతో ఆర్‌ఓ నీళ్ళే ఇస్తాను. గీజరు దగ్గర రాగికి, జీఐకి కలిపిన చోట తెల్లటి పొడి పేరుకుని ఉంది. కొబ్బరాకు గారూ, మీ అతుకు కారడానికి ముందు ఇలాగే కనిపించిందా?

కొబ్బరాకు

అవునండి, ముందు తెల్లటి పొడి, ఆరు నెలలకి తుప్పు నీళ్ళు.