పెండింగు తీరిన మరునాడు షిఫ్టు మొదట్లో చెప్పే కృతజ్ఞతల్లో పేర్లు ఉండాలా?

కొత్త లీడ్: మా జట్టులో పద్నాలుగు మందిమి ఉన్నాము. పేరుకుపోయిన 2,400 ఫిర్యాదు టికెట్లు 18 పనిదినాల్లో 150కి దిగాయి. రేపు షిఫ్టు మొదలయ్యేటప్పుడు రెండు నిమిషాలు మాట్లాడి కృతజ్ఞతలు చెప్పాలనుకుంటున్నాను. ఎక్కువ టికెట్లు మూసిన ముగ్గురి పేర్లు చెప్పాలా, అందరికీ కలిపి చెప్పి ఊరుకోవాలా?

మౌనమే మేలు: అందరికీ కలిపి చెప్పండి. ముగ్గురి పేర్లు చెబితే మిగిలిన పదకొండు మందికి వినిపించేది తమ పేరు లేకపోవడమే. ఆ తర్వాత మీరు ఎంత బాగా మాట్లాడినా వారి చెవికెక్కదు.

పాత షిఫ్టు లీడ్: పై మాట సగమే నిజం. పేరు చెప్పడం వల్ల చేటు లేదు, చేటంతా లెక్కను బట్టి పేరు చెప్పడంలోనే ఉంది. నేనూ ఒకసారి రిపోర్టులో మొదటి వరుసలో ఉన్నవారినే పొగిడాను. అందులో ఒకరికి ఒకే రోజున 340 టికెట్లు మూసినట్టు పడింది. తీరా చూస్తే అవన్నీ ఒకే బిల్లు తప్పు మీద వచ్చిన ఫిర్యాదులు. వాటన్నిటినీ ఒక మాతృ టికెట్‌కు జోడించి, ఒకే జవాబు పంపి మూశారు. ఆ తప్పు ఎక్కడుందో రెండు రోజులు వెతికి పట్టుకున్న అమ్మాయి ఖాతాలో ఆ వారం పడినవి పదకొండే. నేను పేరు చదువుతున్నప్పుడు ఆమె తలవంచుకుని హెడ్‌సెట్ తీగ చుట్టుకుంటూ కూర్చోవడం ఇప్పటికీ గుర్తుంది.

అందుకే పేరుకు ముందు పని చెప్పండి. "నలభై రోజులు దాటిన టికెట్లను ఏరి తీసుకున్నది ఫలానావారు" అంటే ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే ఆ కష్టం పక్క కుర్చీలో ఉన్నవారికీ తెలుసు.

రాత్రి కాపలా: మా దగ్గర ఇలాంటి ప్రసంగమే జరిగింది. ఉదయం షిఫ్టువారికి చప్పట్లు కొట్టించారు. ఆ టికెట్లను రాత్రంతా వర్గాలుగా విడదీసి, కావలసిన పత్రాలు తెప్పించి పెట్టింది మేము. మేము ఇంటికి వెళ్ళిన పావుగంటకు ఆ సభ జరిగింది. ఇంతకీ అదనంగా పనిచేసిన గంటలకు డబ్బు ఇచ్చారా, లేదా? ముందు ఆ సంగతి చెప్పండి.

పాత షిఫ్టు లీడ్: డబ్బు సంగతి ప్రశ్నలో లేదు గానీ, అది తేలకపోతే ప్రసంగంలో "మీ త్యాగం" అనే మాట మాత్రం రానివ్వకండి. రాత్రి షిఫ్టు విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్ళు సరి. షిఫ్టులు మారే ఆ పది నిమిషాల్లో, ఇద్దరూ ఉన్నప్పుడే మాట్లాడాలి.

లెక్కల మనిషి: "2,250 తీర్చాము" అని చెప్పబోతున్నారా? అది పెండింగు తగ్గిన లెక్క, జట్టు చేసిన పని లెక్క కాదు. రోజుకు ఎన్ని కొత్తవి వచ్చాయి?

కొత్త లీడ్: సగటున 310.

లెక్కల మనిషి: అంటే 18 రోజుల్లో 5,580 కొత్తవి వచ్చాయి. వాటినీ కలుపుకుంటే మీవారు మూసినవి 7,830, రోజుకు 435. మీరు 2,250 అంటే వారి చాకిరీలో మూడో వంతుకన్నా తక్కువే కనబడుతుంది. ఇంకొక మాట: మూసిన వారం లోపల తిరిగి తెరుచుకున్నవి ఎన్నో చూసుకోండి. చివరి వారంలో అవి మామూలుకన్నా బాగా పెరిగి ఉంటే, తొందరపడి మూసినట్టే. అప్పుడు "అయిపోయింది" అనడం మానుకోండి; పదిహేను రోజుల్లో ఆ మాటే మీకు అడ్డు వస్తుంది.

కొత్త లీడ్: చూశాను. మొదటి రెండు వారాల్లో నూటికి నాలుగు, చివరి వారంలో తొమ్మిది. ఇలా రాసుకున్నాను:

"ఈ 18 రోజుల్లో మీరు 7,830 టికెట్లు మూశారు. రోజూ కొత్తవి వస్తూనే ఉన్నా పెండింగు 150కి దిగింది. రాత్రి షిఫ్టు పత్రాలు సిద్ధం చేసి పెట్టకపోతే ఉదయం ఇంత వేగం వచ్చేది కాదు. నలభై రోజులు దాటినవాటిని తీసుకున్న ఇద్దరూ తక్కువ లెక్కతో కనబడతామని తెలిసే తీసుకున్నారు. చివరి వారంలో మూసినవి కొన్ని తిరిగి వస్తున్నాయి; వేగం పెంచమన్నది నేనే కాబట్టి ఆ బాధ్యత నాది. ఈ రోజు నుంచి అదనపు గంటలు ఉండవు. అందరికీ కృతజ్ఞతలు."

పాత షిఫ్టు లీడ్: బాగుంది. ఆ ఇద్దరి పేర్లూ చెప్పండి. పేర్లు దాచినా అందరూ వారి వైపే తిరిగి చూస్తారు.

మౌనమే మేలు: నేను ఒప్పుకోను. అందరి ముందూ పొగిడితే ముడుచుకుపోయేవారుంటారు. ముందుగా ఆ ఇద్దరినీ విడిగా అడగండి.

రాత్రి కాపలా: అదనపు గంటలు ఉండవన్నారు, సంతోషం. చేసినవాటి సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.