నాణెం చివర్లో వేగంగా ‘తిరుగుతుంది’ అనవచ్చునా?

ప్రశ్న (అనువాదకురాలు)

పిల్లల కోసం వ్రాసిన ఒక విజ్ఞాన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ఒక వాక్యాన్ని “బల్ల మీద తిప్పి వదిలిన నాణెం, పడిపోబోయే ముందు మరింత వేగంగా తిరుగుతుంది” అని వ్రాశాను. వ్రాసిన తరువాత అనుమానం కలిగి, ఒక నాణేన్ని తిప్పి చూశాను. చప్పుడు అంతకంతకూ వడివడిగా వినిపించి, చివరకు ఒక్క మోతగా మారి, ఠక్కున ఆగిపోయింది. అయితే ఆ చివరి క్షణాల్లో నాణెం మీది అంకె కదలకుండా నిలిచినట్లు స్పష్టంగా కనిపించింది. అంకె నిలిచి ఉన్నప్పుడు నాణెం ‘వేగంగా తిరుగుతుంది’ అనడం ఒప్పవుతుందా? ఇక్కడ ఏ క్రియ తగినది?

నిఘంటువుల మిత్రుడు

మీ సందేహం సరైనదే. ‘తిరుగు’ చాలా విశాలమైన క్రియ. తన చుట్టూ తాను తిరగడానికీ, మరొకదాని చుట్టూ తిరగడానికీ, ఊళ్లు తిరగడానికీ, వెనుకకు మరలడానికీ కూడా అదే మాటను వాడుతున్నాము. ఖగోళ పాఠాల్లో ఈ చిక్కు రాకుండా భ్రమణం, పరిభ్రమణం అని విడదీసుకున్నారు. మీ వాక్యానికి ‘తూలుతుంది’ అన్నది నా సూచన. ఒక పక్కకు ఒరుగుతూ లేస్తూ ఉండే కదలికకు ఆ మాట సహజంగా అమరుతుంది.

మరొక సభ్యుడు

మాట మార్చవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. మంచు మీద గిరగిర తిరిగే నర్తకి చేతులు ముడుచుకుంటే వేగం పెరిగినట్లే, నాణెం కిందికి వాలుతున్న కొద్దీ దాని వేగం పెరుగుతుంది. పైగా ఎత్తు తగ్గినప్పుడు పోయిన స్థితిశక్తి గతిశక్తిగా మారక తప్పదు కదా. కాబట్టి ‘వేగంగా తిరుగుతుంది’ అన్నదే శాస్త్రసమ్మతం.

భౌతికశాస్త్రం బోధించే సభ్యుడు

ఎత్తు తగ్గితే స్థితిశక్తి తగ్గుతుందన్న మాట నిజమే గాని, ఇక్కడ గతిశక్తి కూడా దానితోపాటే తగ్గుతుంది. ఒరిగి స్థిరంగా దొర్లుతున్న పలుచని నాణెం గతిశక్తి, బల్ల మట్టం నుండి లెక్కించిన దాని స్థితిశక్తిలో ఎప్పుడూ దాదాపు సగం ఉంటుంది. ఒకటి కరిగితే రెండవదీ కరుగుతుంది. నర్తకి ఉపమానం కూడా పొసగదు, ఎందుకంటే నర్తకి తన ఆకారాన్ని మార్చుకుంటుంది, నాణెం మార్చుకోదు.

మరి వేగం పెరిగేది దేనికి? నాణెం అంచులో ఒక్క చోటే బల్లను తాకుతూ ఉంటుంది. ఆ స్పర్శబిందువు బల్ల మీద వలయంగా పరుగెడుతుంది. వడి పెరిగేది ఆ పరుగుకే. దానికి కారణం ఇది. బల్ల ఆ బిందువు దగ్గర నాణేన్ని పైకి నెడుతుంది, బరువు మధ్యలో కిందికి లాగుతుంది, ఈ రెండూ కలిసి నాణేన్ని చదునుగా పడుకోబెట్టాలని చూస్తాయి. నాణెంలో కొంత భ్రమణం ఉన్నందువల్ల అది వెంటనే పడిపోదు, దానికి బదులుగా ఆ భ్రమణపు అక్షం దిశ మారుతూ పోతుంది. నాణెం బల్లకు దగ్గరవుతున్న కొద్దీ పడుకోబెట్టే ప్రయత్నం ఏమాత్రం తగ్గదు, కాని నాణెంలో మిగిలిన భ్రమణం తగ్గిపోతుంది. అదే ప్రయత్నం తక్కువ భ్రమణం మీద పనిచేసినప్పుడు దాని దిశను మరింత త్వరగా మారుస్తుంది. లెక్క ఒక చిన్న సూత్రంలో ఇమిడిపోతుంది:

Ω² sin α = 4g/a

ఇందులో α నాణేనికీ బల్లకూ మధ్య కోణం, a నాణెం వ్యాసార్ధం, g గురుత్వ త్వరణం, Ω స్పర్శబిందువు చుట్టి వచ్చే వేగం, సెకనుకు రేడియన్లలో. 2.5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న నాణేన్ని తీసుకుంటే, 30 డిగ్రీల వాలు దగ్గర స్పర్శబిందువు సెకనుకు 13 చుట్లకు కొంచెం తక్కువగా తిరుగుతుంది. 10 డిగ్రీల దగ్గర అది 21కి చేరుతుంది, 1 డిగ్రీ దగ్గర 67 దాటుతుంది. మీకు చివర్లో చప్పుళ్లు విడివిడిగా కాక ఒక మోతగా వినిపించింది అందుకే.

అనువాదకురాలు

చాలా సంతోషం, మాస్టారూ. అయితే అంకె ఎందుకు నిలిచిపోతుంది?

భౌతికశాస్త్రం బోధించే సభ్యుడు

నాణెం మధ్యభాగం దాదాపు ఒకే చోట ఉంటుంది గనుక, స్పర్శబిందువు బల్ల మీద గీసే వలయం నాణెం చుట్టుకొలత కంటే కొంచెం చిన్నది. 10 డిగ్రీల వాలులో ఆ తేడా నూటికి ఒకటిన్నర పాళ్లు. నాణెం జారకుండా దొర్లుతుంది కాబట్టి, ఒక చుట్టు పూర్తయ్యేసరికి అంకె ఆ తేడా మేరకే పక్కకు జరుగుతుంది. ఆ దశలో అంకె ఒక్కసారి పూర్తిగా తిరగడానికి సుమారు మూడు సెకన్లు కావాలి. 1 డిగ్రీ దగ్గరి వేగం నిలకడగా ఉందనుకుంటే, ఒకటిన్నర నిమిషం పైగా పడుతుంది. అంటే మీ కన్ను మిమ్మల్ని మోసగించలేదు.

ఇంకొక సభ్యురాలు

నేను చిన్ననాటి నుండి బొంగరాలు తిప్పుతున్నాను. బొంగరం కూడా ఆగబోయే ముందు తల ఊపుతూ పెద్ద పెద్ద వలయాలు చుడుతుంది. దానికి వాడే మాటనే దీనికీ వాడితే సరిపోతుంది కదా. ఇంతకీ నాణెం చప్పున ఆగిపోవడానికి గాలి అడ్డు కారణమా?

భౌతికశాస్త్రం బోధించే సభ్యుడు

బొంగరం పోలిక సగం వరకు పనికివస్తుంది. దానిలోనూ భ్రమణం తగ్గిన కొద్దీ తల తిరిగే వడి పెరుగుతుంది. కాని బొంగరం మొన ఒకే చోట నిలిచి తల వలయం చుడుతుంది, నాణెంలో మధ్యభాగం నిలిచి అంచు వలయం చుడుతుంది. బొంగరం వాలు పెరుగుతూ పడిపోతుంది, నాణెం బల్లకు దగ్గరవుతూ పడుకుంటుంది.

గాలి సంగతి ఇంకా వాదంలో ఉన్నదే. 2000లో కేంబ్రిడ్జ్ గణితజ్ఞుడు కీత్ మోఫట్, నాణేనికీ బల్లకూ మధ్య ఇరుక్కున్న పలుచని గాలిపొర జిగటే శక్తిని హరిస్తుందని ‘నేచర్’ పత్రికలో ప్రతిపాదించారు. గాలి తీసివేసిన చోట తిప్పినా ఆగడానికి పట్టే సమయం చెప్పుకోదగినంత పెరగలేదని, కాబట్టి దొర్లేటప్పటి రాపిడే ముఖ్యమని అదే ఏడాది మరికొందరు అదే పత్రికలో బదులిచ్చారు. బల్ల నునుపు, అంచు గుండ్రదనం మారితే జవాబు మారవచ్చునని నాకనిపిస్తుంది. ఏ కారణమైనా, సూత్రం చెప్పినట్లు వేగం అనంతం కాజాలదు. నాణెం బరువు కిందికి లాగగలిగినంత త్వరగానే పడగలదు కాబట్టి, చిట్టచివర ఆ దొర్లుడు తెగిపోతుంది.

మాట విషయానికి వస్తే, అక్కడ జరిగేది దొర్లడమే గనుక ‘దొర్లు’ అన్నదే సరైన క్రియ అంటాను.

నిఘంటువుల మిత్రుడు

దొర్లినది ఒకచోటి నుండి మరొకచోటికి పోతుందని మన చెవికి అలవాటు. బల్ల మధ్యలో ఉన్నచోటనే ఉన్న నాణేన్ని ‘దొర్లుతోంది’ అంటే పిల్లలు అది బల్ల అంచు దాటిపోతోందని అనుకుంటారు. అయితే ‘తూలు’ అన్న నా సూచనలోనూ లోపం ఉందని ఇప్పుడు గ్రహించాను. తూలడంలో తడబాటు ఉంది, ఈ కదలికలో తడబాటు లేదు. అందులో ఉన్న క్రమమంతా మాస్టారి సూత్రంలోనే కనిపిస్తోంది.

అనువాదకురాలు

క్రియ కంటే కర్తను మార్చడమే మేలని తోస్తోంది. వాక్యాన్ని ఇలా తిరగవ్రాశాను: “నాణెం బల్లకు దగ్గరవుతున్న కొద్దీ, దాని అంచు బల్లను తాకే చోటు అంతకంతకూ వేగంగా చుట్టి వస్తుంది, నాణెం మీది అంకె మాత్రం దాదాపు నిలిచిపోతుంది.” నాణెం అంచు మీద కలంతో ఒక చుక్క పెట్టి మళ్లీ తిప్పాను. చప్పుడు మోతగా మారిన తరువాత ఆ చుక్క చాలా నెమ్మదిగా పక్కకు జరగడం చూశాను.

నిఘంటువుల మిత్రుడు

‘చుట్టి వస్తుంది’ బాగుంది. ‘తాకే చోటు’ చుట్టి రావడం మాత్రం నాకు ఇంకా కొరుకుడు పడలేదు. చోటు కదలదని కదా మన భాషలో భావం. ‘ఆనిక’ అన్న మాటను పరిశీలించండి.