సమస్య: మఱచినట్టివాఁడె మంచివాఁడు

నిర్వాహకుడు: ప్రియురాలి పుట్టినరోజు మరిచినవాడు రాసే క్షమాపణ లేఖ మీద పూరించండి.

కవికిశోరం:
పుట్టినట్టి రోజు పొరపాటునన్ దాటె
పనుల నడుమ చిన్న తప్పు జరిగె
నిన్ను మఱవలేదు నీరోజు మఱచితి
మఱచినట్టివాఁడె మంచివాఁడు.

ప్రాసమిత్ర: కిశోరం గారూ, సరిగ్గా ‘తప్పు’ దగ్గరే యతి తప్పింది! ‘పనుల’కు ‘తప్పు’ ఎలా కుదురుతుంది? ‘పనుల నడుమ మఱచి బాధ నిడితి’ అంటే యతీ నిలుస్తుంది, లేఖా నిలుస్తుంది. రోజు దానంతటదే దాటలేదు, తప్పు దానంతటదే జరగలేదు. చేసినవాడు వాక్యంలో కనబడాలి. ‘చిన్న’ అని కొలిచే హక్కు నొచ్చుకున్న మనిషిది. ఇక తనను తాను మంచివాడనుకోవడం ఆ అమ్మాయి చదివితే చించేస్తుంది.

లేఖావళి:
లేఖ మొదటఁ దప్పు లెస్సగాఁ బేర్కొని
నొచ్చినట్టి చోటు నొక్కి చెప్పి
పనియు, ఫోను, నిద్ర, బస్సంచు సాకులు
మఱచినట్టివాఁడె మంచివాఁడు.

ప్రాసమిత్ర: సాకులు మరవడం, అదీ విరుపు! నొచ్చిన చోటు నొక్కితే ఇంకా నొస్తుంది కదండీ?

లేఖావళి: నొక్కకపోతేనే నొస్తుంది. ‘నీకు బాధ కలిగి ఉంటే క్షమించు’ అన్న మాటలో ‘ఉంటే’ బాధనే సందేహిస్తుంది. ‘నీ పుట్టినరోజు మరిచాను. రాత్రిదాకా నా ఫోన్ కోసం చూశావు, స్నేహితులు అడిగితే ఏం చెప్పాలో తెలియక తలదించుకున్నావు’ అని రాస్తే, జరిగింది వీడికి తెలుసని ఆమెకు తెలుస్తుంది. ఆ తర్వాత ‘కానీ’ వచ్చిందంటే పైదంతా కొట్టుకుపోతుంది.

తేటనీరు: కారణం ఒక్క వాక్యమైనా లేకపోతే, తనంటే లెక్కలేదనుకోదా? సాకు వేరు, కారణం వేరు.

లేఖావళి: ఒక్క వాక్యమైతే సరే, అదీ తప్పు ఒప్పుకున్నాకే.

తేటనీరు: ఒక్క వాక్యమే చాలంటే నేను ఒప్పుకోను.

పద్యప్రియ: మావారు మా పెళ్లిరోజు మరిచారు. ఇదే పద్యం పంపొచ్చా? మరిచిపోవాల్సింది నేనే కదా, ఆయన తప్పును?

ప్రాసమిత్ర: అమ్మా, సమస్యలో ‘వాఁడు’ అని ఉంది.

కందర్పుడు:
కానుకిచ్చి, లేఖ గదిలోన నుంచి, తా
బదులు వచ్చువఱకుఁ బట్టు వీడి
మన్నియింపుమనుచు మాటిమాటికిఁ గోర
మఱచినట్టివాఁడె మంచివాఁడు.

లేఖావళి: చివరి రెండు పాదాలు బంగారం. క్షమాపణలోని భాగాలపై ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంవారి 2016 పరిశోధనలోనూ బాధ్యత ఒప్పుకోవడమే అన్నిటికన్నా బరువు తూగింది, మన్నించమని అడగడం అన్నిటికన్నా తేలిపోయింది. అయితే కానుక లేఖకన్నా ముందొస్తే లంచంలా ఉంటుంది. దానికి బదులు ‘ఈ ఆదివారం పొద్దంతా నీది, ఎక్కడికో నువ్వే చెప్పు’ అని రోజు పేరు పెట్టి రాయాలి. ‘ఇకపై ఎన్నడూ మరవను’ అనే మాట వచ్చే ఏడాదిదాకా పరీక్షకు నిలవదు.

ప్రాసమిత్ర: కందర్పుడు గారు ఈసారి యతి తప్పలేదు, ఆశ్చర్యం! పోయినసారి దత్తపదిలో ‘శ’కు ‘క’ వేశారు.

కందర్పుడు: అది టైపు దోషం. మీ చంపకమాలలో గణం ఎగిరిపోయిన సంగతి చెప్పమంటారా?

నిర్వాహకుడు: దానికి వేరే దారం తెరుస్తాను.