పెన్‌హోల్డ్‌లోనే వెనక రబ్బరు షాట్ నేర్పాలా, షేక్‌హ్యాండ్‌కి మార్చాలా?

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. టేబుల్ టెన్నిస్ బ్యాట్‌ని మొదటి నుంచీ పెన్ను పట్టుకున్నట్టే పట్టుకుని ఆడుతున్నాడు. సర్వీసులోనూ, నెట్ దగ్గర పడే చిన్న బంతుల్లోనూ మణికట్టు స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి స్పిన్ బాగా వేస్తాడు. ఒంటి మీదికి వచ్చే బంతినీ తేలిగ్గా బ్లాక్ చేస్తాడు. షేక్‌హ్యాండ్ పిల్లలు సరిగ్గా అక్కడే, ఏ వైపుతో కొట్టాలో తేల్చుకోలేక తడబడుతుంటారు.

చిక్కంతా బ్యాక్‌హ్యాండ్ మూలలో. అక్కడికి టాప్‌స్పిన్ వస్తే ముందు రబ్బరుతో నెట్టడమే తప్ప ఎదురుదాడి చేయలేడు. పక్కకి పరుగెత్తి ఫోర్‌హ్యాండ్ కొడితే కుడివైపు మొత్తం ఖాళీ అయిపోతుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సింగిల్స్ గెలిచిన కొరియా ఆటగాడు ర్యూ సియుంగ్ మిన్ అలాగే ఆడేవాడు, కానీ ఆ కాళ్ల వేగం అందరికీ రాదు. ఆ ఫైనల్లో ఓడిన చైనా ఆటగాడు వాంగ్ హావో పెన్‌హోల్డే అయినా వెనక వైపు రబ్బరుతో బ్యాక్‌హ్యాండ్ కొట్టేవాడు.

కోచ్ గారు షేక్‌హ్యాండ్‌కి మారమంటున్నారు. నాకేమో వాంగ్ హావో దారి మేలనిపిస్తోంది. వాడి చేత వేయించి చూశాను. బ్యాట్ ముందుకు వంగక బంతి టేబుల్ దాటిపోతోంది. బొటనవేలు నొక్కి, చూపుడువేలు వదులు చేస్తే వంగుతోంది గానీ, వెంటనే ఫోర్‌హ్యాండ్‌కి బంతి వస్తే పట్టు సర్దుకునే టైమ్ ఉండట్లేదు.

ఈ షాట్ నేర్చుకున్నవాళ్లు గానీ, ఈ వయసులో గ్రిప్ మార్చుకున్నవాళ్లు గానీ ఉంటే దయచేసి చెప్పండి. పట్టు మార్పు ఎలా అలవాటు చేయించాలి? మారిస్తే సర్వీసు దెబ్బతింటుందా?