బరి దగ్గర ఫోటో: దోస్తులకో మాట, అత్తయ్యలకో మాట?

లంకగాలి: భీమవరం వైపు కోడిపందేల బరి దగ్గర నలుగురం దిగిన ఫోటో. ఇన్‌స్టా క్లోజ్ ఫ్రెండ్స్ స్టోరీకి రాసుకున్నది: "డేగ మీద నాలుగు వేలు పోయాయి, ఇంటికెళ్తే మాకే కత్తి కట్టేస్తారు." ఫీడ్‌లో మేనత్తలు, బావగార్లు ఉన్నారు. దీన్నే కాస్త మార్చనా, కొత్తది రాయనా?

గట్టుమీద: డబ్బు సంగతి తీసెయ్ తమ్ముడూ, సరిపోద్ది. "మా డేగ ఓడింది, ఇంటికెళ్తే మాకే కత్తి కట్టేస్తారు."

రాజోలు రాతలు: సరిపోదండీ. ఆ జోకు నిలబడ్డదే నాలుగు వేల మీద. అది తీస్తే "ఎందుకు కడతారురా?" అని అత్తయ్యగారే కింద అడుగుతారు. "మా డేగ" అన్నారంటే పందెం కాసినట్టే కదా, అదీ తెలిసిపోద్ది. ఫీడ్‌కి కొత్తగా రాయండి, అత్తయ్యలకి తెలిసిన సంగతులతోనే: "కనుమకి ఊళ్లో. పదో తరగతి నలుగురం మళ్లీ ఒకచోట." ఇందులో అబద్ధం లేదు, అడగాల్సిందీ లేదు. పొడుగు కాప్షన్ మొదటి ముక్కే పైకి కనిపిస్తుంది కాబట్టి పండగ, ఊరు ముందే రావాలి. ఇక ఫోటో. చేతిలో నోట్లుంటే కాప్షన్ ఎంత పద్ధతిగా ఉన్నా లాభం లేదు, కత్తిరించండి.

కాలవగట్టు: ఎందుకండీ ఇంత? స్టోరీ ఇరవై నాలుగ్గంటల్లో పోద్ది. ఎవడైనా స్క్రీన్‌షాట్ తీస్తే మనకి తెలుస్తుంది కూడా.

రాజోలు రాతలు: పోయే మాట నిజమే. స్క్రీన్‌షాట్ కబురు మాత్రం రాదు. స్టోరీకి ఇన్‌స్టా ఏమీ చెప్పదు.

పూతరేకు: మా పిన్నిగారికి కనపడకుండా నేను వాట్సాప్ స్టేటస్‌లో ఆవిడ పేరు తీసేశానండీ. అలా చెయ్యొచ్చుగా?

గట్టుమీద: అమ్మా, అడిగింది ఎవరికి దాచాలని కాదు, ఏం రాయాలని.

కాలవగట్టు: ఏదైనా ఒకే ఫోటోకి రెండు మాటలు నాకు నచ్చదు. అత్తయ్య ముందు చెప్పలేనిది అసలు పెట్టకూడదు. పైగా డబ్బు పందెం నేరం.

రాజోలు రాతలు: నేరమన్నది ఒప్పుకుంటా. అందుకే ఆ నాలుగు వేలు స్టోరీలోనూ రాయొద్దంటాను. రెండు మాటలు తప్పంటే మాత్రం ఒప్పుకోను. ఇంటి అరుగు మీద మాట్లాడినట్టు టీ కొట్టు దగ్గర మాట్లాడం.

అసలు గుట్టు జారేది కాప్షన్ దగ్గర కాదండీ, కామెంట్ల దగ్గర. స్టోరీ చూసినవాడు ఫీడ్ కిందకొచ్చి "ఇంతకీ కత్తి కట్టారా?" అంటాడు, దాన్ని బావగారు పట్టుకుంటారు. "ఫీడ్ కింద ఈ ఊసెత్తొద్దు" అని స్టోరీలోనే చిన్న అక్షరాల్లో ఒక ముక్క వెయ్యండి. అయినా రాస్తే కామెంట్ తీసెయ్యండి. అది మీ పోస్టు. పంపేటప్పుడు పచ్చ చుక్క గుర్తు చూసుకునే నొక్కండి, పక్కనే ఉన్న బొత్తాం అందరికీ పంపేస్తుంది.

లంకగాలి: మరి మా మేనబావ క్లోజ్ ఫ్రెండ్స్‌లోనే ఉన్నాడు. అత్తయ్య కొడుకు.

రాజోలు రాతలు: తీసేస్తే అతనికి కబురేమీ వెళ్లదు.

గట్టుమీద: కబురు వెళ్లదు గానీ, పక్కవాడి ఫోన్‌లో చూస్తే వాడు పండగంతా మాట్లాడడు. నేనైతే ఉంచేస్తా.